పిలుపు సొమ్ము కట్టకపోతే వాటా ఏమవుతుంది?

పది రూపాయల వాటాను కంపెనీ ఒకేసారి సొమ్ము తీసుకుని ఇవ్వనక్కర్లేదు. దరఖాస్తుతో కొంత, కేటాయింపుతో కొంత, మిగతాది పిలుపుల మీద అడగవచ్చు. నియమావళిలో అధికారం ఉంటేనే, కట్టనివారి వాటాలను జప్తు చేయగలదు. అదీ, చెల్లించడానికి కనీసం 14 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, బోర్డు తీర్మానం చేశాకే.

ఒకరికి 100 వాటాలున్నాయి. పది రూపాయలూ పిలిచారు, ఆయన వాటాకు అయిదే కట్టారు. జప్తు పద్దులో వాటా మూలధనం ఖాతాను 1,000కి డెబిట్ చేసి, పిలుపు బకాయిలను 500కి, వాటాల జప్తు ఖాతాను 500కి క్రెడిట్ చేస్తారు. కట్టిన సొమ్ము వెనక్కి రాదు, సభ్యత్వమూ పోతుంది. కఠినమే.

ఆ వాటాల్లో 60ని ఎనిమిది రూపాయల చొప్పున, పూర్తిగా చెల్లించినవిగా మరొకరికి ఇచ్చారనుకుందాం. బ్యాంకు 480, జప్తు ఖాతా 120 డెబిట్; వాటా మూలధనం 600 క్రెడిట్. ఈ తగ్గింపు ఆ వాటాలపై జప్తైన సొమ్మును మించకూడదు.

ఇప్పుడు మూలధన రిజర్వుకు ఎంత? చాలామంది 500లోంచి 120 తీసేసి 380 అంటారు. తప్పు. అమ్మిన 60 వాటాలకు చెందిన జప్తు సొమ్ము 300 మాత్రమే. అందులో 120 పోగా 180. జప్తు ఖాతాకు డెబిట్, మూలధన రిజర్వుకు క్రెడిట్. మిగతా 40 వాటాల 200 జప్తు ఖాతాలోనే ఉండి, ఆస్తి అప్పుల పట్టీలో వాటా మూలధనానికి కలుస్తుంది.