పీచును రెండుసార్లు తీసేస్తే

పీచు మన చిన్నపేగులో అరగదు, గ్లూకోజుగా మారదు. అందుకే మొత్తం కార్బోహైడ్రేట్లలోంచి పీచును తీసేసి, మిగిలిందే రక్తంలో చక్కెరను పెంచుతుందని లెక్క వేసుకుంటారు. కీటో తిండి తినేవాళ్లు నెట్ కార్బ్స్ అనేది దాన్నే. ఆలోచన సబబైనదే. చిక్కల్లా మొదటి అంకెతోనే. అందులో పీచు కలిసి ఉందా, లేక ముందే తీసేశారా?

రాగుల లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల్లో, వంద గ్రాముల రాగులకు కార్బోహైడ్రేట్లు 66.8 గ్రాములు, పీచు 11.2. తీసేస్తే 55.6 వస్తుంది. ఆ తీసివేత చేసేముందు అక్కడున్న మిగతా అంకెల్ని కూడా కలిపి కూడండి. తేమ 10.9, మాంసకృత్తులు 7.2, కొవ్వు 1.9, బూడిద 2, పీచు 11.2, కార్బోహైడ్రేట్లు 66.8. మొత్తం వంద. పీచుకు విడిగా చోటిస్తేనే వంద నిండింది. అంటే 66.8 అన్నది పీచు పోగా మిగిలినదే! మనం మళ్లీ తీసేస్తే లేని లాభం రాసుకున్నట్టే. పది గ్రాములకు ఒక యూనిట్ చొప్పున ఇన్సులిన్ లెక్కగట్టుకునే టైప్ 1 మధుమేహ రోగికి వంద గ్రాముల రాగిపిండి దగ్గర ఒక యూనిట్‌కు పైగా తక్కువ పడుతుంది. తిన్నాక చక్కెర పెరిగితే తప్పు రాగులమీదికి పోతుంది.

అమెరికా పొట్లాల మీద పద్ధతి వేరు. అక్కడ మొత్తం కార్బోహైడ్రేట్లలో పీచు కూడా కలిసే ఉంటుంది. అక్కడి లెక్కలో వంద గ్రాముల చియా గింజలకు కార్బోహైడ్రేట్లు 42, పీచు 34. తీసేస్తే మిగిలేది 8, అది సరైన లెక్కే. అదే గింజలను యూరప్‌లో అమ్మితే పీచు విడిగా, కార్బోహైడ్రేట్లు విడిగా రాస్తారు. ఆ పొట్లం మీద పీచు అంకే పెద్దది. తీసివేస్తే సున్నాకంటే తక్కువ వస్తుంది. అలా వచ్చిందంటే తీసివేత అక్కర్లేదని అర్థం. మాంసకృత్తులు, కొవ్వు, కార్బోహైడ్రేట్లు, పీచు కలిపితే వంద గ్రాములు దాటినా తెలిసిపోతుంది, పీచు కార్బోహైడ్రేట్లలోనే ఉందని. రెండూ కాకపోతే పొట్లం ఏ దేశానికి అచ్చయిందో చూసుకోవాలి.

లెక్క సరిగ్గా చేసినా మోసపోయే చోటు ప్రోటీన్ బార్లు. వాటి మీద పెద్దక్షరాల్లో ‘నెట్ కార్బ్స్’ అని వేస్తారు గానీ, అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఆ మాటకు నిర్వచనమే ఇవ్వలేదు. కొన్ని కంపెనీలు పీచుతోపాటు మాల్టిటాల్ వంటి తీపి పదార్థాలనూ మొత్తంగా తీసేస్తాయి. ఎరిథ్రిటాల్ విషయంలో అది దాదాపు చెల్లుతుంది, చక్కెరను అది పెంచదు గనక. మాల్టిటాల్ అలా కాదు. చక్కెరంత కాకపోయినా కొంత గ్లూకోజు ఇస్తుంది. పదార్థాల జాబితాలో దాని పేరు ముందు వరసలో ఉంటే, ముందువైపు అచ్చేసిన అంకెను నేనైతే పక్కన పెట్టి, తిన్న రెండు గంటలకు మీటరు చూసుకుంటాను.