తెల్ల చొక్కా బూడిద రంగులోకి ఎందుకు తిరిగింది?

మా తమ్ముడు ఈమధ్య 27 అంగుళాల హెచ్‌డీఆర్ మానిటర్ కొన్నాడు. మొదటి రాత్రే ఒక 4కె హెచ్‌డీఆర్ సినిమా ఫైల్ పెట్టుకుని నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, బొమ్మంతా పొగమంచు పట్టినట్టుంది. ఎండలో నిలబడ్డ హీరో తెల్ల చొక్కా ఉతికీ ఉతకనట్టు బూడిద రంగులో కనిపిస్తోంది. మానిటర్ వెనక్కి పంపేయనా?" అన్నాడు. పంపాల్సిన పని లేదు. తప్పు తెరది కాదు, లెక్క చదవడంలో ఉంది.

మామూలు వీడియోలో తెలుపంటే మీ తెర ఇవ్వగలిగినంత వెలుగు, అంతే. హెచ్‌డీఆర్ అలా కాదు. ఏ చుక్క ఎన్ని నిట్ల వెలుగుతో ఉండాలో ఫైలే చెబుతుంది. నిట్ అంటే తెర వెలుగుకి కొలత. ఆ కొలమానం 10,000 నిట్ల దాకా పోతుంది కాబట్టి సూర్యుడికీ దీపాలకీ పైన చోటు వదిలి, తెల్ల చొక్కాలాంటి వాటిని దాదాపు 203 నిట్ల దగ్గర పెడతారు. సంకేతంలో అది 58 శాతం. విండోస్‌లో హెచ్‌డీఆర్ ఆపి ఉండి, ప్లేయర్ కూడా మార్చకుండా పంపేస్తే, తెర ఆ 58ని పాత పద్ధతిలో చదువుతుంది. అలా చదివితే అది తెర పూర్తి వెలుగులో 30 శాతమే. 300 నిట్ల మానిటర్ మీద చొక్కాకి దక్కేది 90 నిట్లు. నీడల్లో దీనికి తలకిందులు. 1 నిట్ ఉండాల్సిన చీకటి నాలుగున్నర నిట్లకు లేస్తుంది. తెలుపు దిగి, నలుపు లేచి, రెండూ మధ్యకి చేరితే మిగిలేది పొగమంచే. హెచ్‌డీఆర్ రంగుల పరిధి కూడా పెద్దది కాబట్టి, దాన్ని చిన్న పరిధిగా చదివితే ఎరుపు కూడా వెలిసిపోతుంది.

అందుకని తమ్ముడితో ముందు `Settings > System > Display > HDR`లోకి వెళ్లి `Use HDR` ఆన్ చేయించాను. మానిటర్ సొంత మెనూలో హెచ్‌డీఆర్ విడిగా ఆపి ఉంటే అక్కడా తెరవాలి. హెచ్‌డీఆర్ లేని తెర అయితే `mpv` లాంటి ప్లేయర్ వాడాలి. అది ఆ వెలుగులను మామూలు తెరకు సరిపడేలా తానే కుదిస్తుంది.

సినిమా బాగుపడింది. ఐదు నిమిషాలకి మళ్లీ ఫోన్. "ఇప్పుడు డెస్క్‌టాప్, బ్రౌజర్ అన్నీ డల్ అయిపోయాయి!" ఇది వేరే జబ్బు. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుని హెచ్‌డీఆర్‌నే తిట్టుకుంటారు. హెచ్‌డీఆర్ ఆన్ అయ్యాక మామూలు కిటికీల తెలుపు ఎన్ని నిట్లుండాలో విండోస్ నిర్ణయిస్తుంది. అదే పేజీలోని `SDR content brightness` స్లైడర్ దాని తాళంచెవి. సున్నా దగ్గర 80 నిట్లు, 100 దగ్గర 480. అంటే ఒక్కో గీతకు 4 నిట్లు. తమ్ముడి స్లైడర్ బాగా కింద ఉంది. 30కి జరిపితే తెలుపు 200 నిట్లకు వచ్చి, తన పాత మానిటర్‌కి దగ్గరగా కనిపించింది. అయినా ముదురు బూడిద రంగులు కాస్త తేలికగానే ఉంటాయి. చీకటి ఛాయలకు విండోస్ వాడే వంపు, చాలా మానిటర్లు మామూలుగా వాడే వంపు ఒకటి కావు. దీన్ని స్లైడర్ సరిచేయలేదు. అందుకే నా సలహా, సినిమాకో ఆటకో మాత్రమే హెచ్‌డీఆర్ తెరవండి, మిగతా వేళ ఆపేయండి. `Win + Alt + B` నొక్కితే చాలు.

తర్వాత మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరికే `Windows HDR Calibration` నడిపించాం. అందులో తెర మీద ఒక గుర్తు కనిపిస్తుంది. అది అప్పుడే మాయమయ్యే చోట స్లైడర్ ఆపాలి. అత్యంత చీకటికి ఒకసారి, అత్యంత వెలుగుకి ఒకసారి, తెర మొత్తం వెలిగినప్పుడు ఒకసారి. తొందరపడి స్లైడర్‌ని చివరిదాకా లాగితే, ఆ వెలుగు మానిటర్‌కి చేతనవుతుందని ఆటలు నమ్మి, మేఘాల్లోని వివరాలను తెల్లముద్దగా చేసేస్తాయి. గదిలో లైటు ఎప్పటిలాగే ఉంచి చేయండి.

హెచ్‌డీఆర్ ఆపినా నలుపు బూడిదగానే ఉంటే, హెచ్‌డీఎమ్‌ఐ పంపే పరిధి తప్పై ఉండొచ్చు. ఎన్‌విడియా కార్డయితే దాని కంట్రోల్ ప్యానెల్‌లో `Output dynamic range`ని `Full` చేయాలి.

ఇక ఏ సెట్టింగూ దాటలేని హద్దు ఒకటుంది. తమ్ముడి మానిటర్ పెట్టె మీద డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 అని ఉంది. ఈ తరగతిలో బ్యాక్‌లైట్‌ని ఎక్కడికక్కడ తగ్గించే ఏర్పాటు తప్పనిసరి కాదు, తన మానిటర్‌లో అది లేదు. కాంట్రాస్ట్ 1000కి 1. ఒక మూల దీపం కోసం తెర 400 నిట్లకు లేస్తే, పక్కనున్న నల్లటి ఆకాశం 0.4 నిట్లతో వెలుగుతూనే ఉంటుంది. చీకటి గదిలో అది కంటికి తెలిసిపోతుంది. ఆ రాత్రి తమ్ముడు మానిటర్ వెనక గోడ మీదికి చిన్న బల్బు వేసుకుని సినిమా పూర్తి చేశాడు. ఆ పాటి వెలుతురు గదిలో ఉంటే ఆకాశం నల్లగానే అనిపిస్తుంది.