పచ్చగా లేకున్నా పచ్చి పిచ్చే

2024 అక్టోబరు 17, బెంగళూరు. ముందు రోజు ఆటంతా వానకు తుడిచిపెట్టుకుపోయింది. పిచ్ కవర్ల కిందే ఉండిపోయింది, ఆకాశం ఇంకా ముసురుపట్టే ఉంది. న్యూజిలాండ్‌పై టాస్ గెలిచిన రోహిత్ శర్మ బ్యాటింగ్ తీసుకున్నాడు. మనవాళ్లు 31.2 ఓవర్లలో 46కే ఆలౌట్. స్వదేశంలో టెస్టుల్లో భారత్ ఇంత తక్కువకు ఎప్పుడూ కూలలేదు. పిచ్‌ను తప్పుగా చదివానని రోహిత్ తర్వాత ఒప్పుకున్నాడు.

వ్యాఖ్యాతలు 'గ్రీన్ టాప్' అనగానే మనకు పచ్చరంగే కనిపిస్తుంది. నిజానికి చూడాల్సింది పచ్చదనం కన్నా పచ్చితనం. గడ్డిని పూర్తిగా కత్తిరించకుండా వదిలితే అది తేమను పట్టి ఉంచుతుంది. మెత్తబడిన ఆ నేలను బంతి కుట్టు కరుచుకుని, పడ్డాక ఇటో అటో పక్కకు జరుగుతుంది. ఎటు జరుగుతుందో ఒక్కోసారి బౌలర్‌కే తెలియదు, ఇక బ్యాటర్‌కేం తెలుస్తుంది! కవర్ల కింద చెమ్మ పట్టిన పిచ్ అంత పచ్చగా కనబడకపోయినా ఇదే పని చేయగలదు.

దీన్ని 'సీమ్ అవుతోంది' అంటారు. స్వింగ్ వేరు, అది గాల్లోనే వంపు తిరగడం. మబ్బు పడితే స్వింగ్ పెరుగుతుందని ప్రతి వ్యాఖ్యాతా చెబుతాడు. మబ్బు ఆ పని ఎలా చేస్తుందో మాత్రం శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. స్లో మోషన్‌లో బంతి నేలను తాకే క్షణాన్ని పట్టుకోండి. వంపు అంతకు ముందే వస్తే స్వింగ్, ఆ తర్వాత వస్తే సీమ్.

సరిగ్గా వారానికి, అదే సిరీస్‌లో, పుణెలో కథ తిరగబడింది. పొడి పిచ్ మీద మొదటి రోజే న్యూజిలాండ్ పది వికెట్లూ ఇద్దరు ఆఫ్ స్పిన్నర్లకే దక్కాయి: వాషింగ్టన్ సుందర్‌కు ఏడు, అశ్విన్‌కు మూడు. ఇలాంటి పిచ్‌నే 'టర్నర్' అంటారు. ఎండిన పైపొర వదులై, బంతి పడ్డచోట దుమ్ము లేస్తుంది. వేళ్లతో తిప్పిన బంతి ఆ పొరను పట్టుకుని తిరుగుతుంది.

బంతి 'గింగిరాలు తిరుగుతోంది' అని వ్యాఖ్యాత ఉత్సాహపడిపోతాడు గానీ, మరీ ఎక్కువ తిరిగితే బ్యాట్ అంచుకైనా తగలకుండా పోతుంది. అసలు గండం తిరగని బంతితోనే. ఒకే చేతి కదలికతో వేసిన రెండు బంతుల్లో ఒకటి పొరను పట్టుకుంటుంది, రెండోది జారి నేరుగా దూసుకొస్తుంది. తిరుగుతుందనుకుని ఆడిన బ్యాటర్ ఎల్బీగానో బౌల్డ్‌గానో వెనుదిరుగుతాడు. అక్కడ ఎడమచేతి స్పిన్నర్ శాంట్నర్ 13 వికెట్లు తీశాడు, భారత్ 113 పరుగుల తేడాతో ఓడింది.

అందులో ఒకటి విరాట్ కోహ్లి వికెట్. ఒక్క పరుగు దగ్గర శాంట్నర్ ఫుల్‌టాస్‌కు బౌల్డయ్యాడు. టర్నర్ అంటూ అంతగా చెప్పుకున్న ఆ పిచ్‌ను ఆ బంతి తాకనే లేదు.