గ్యాస్ మాత్ర వేసినా పొట్ట ఎందుకు తగ్గదు?

పొద్దున మామూలుగా ఉన్న పొట్ట సాయంత్రానికి డప్పులా బిగుస్తుంది. గ్యాస్ కదలదు, విరేచనమై రెండు మూడు రోజులవుతుంది. అప్పుడు మనలో చాలామంది పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర మింగుతారు. పాంటోప్రజోల్ లాంటి ఆ మాత్రలు జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తగ్గిస్తాయి తప్ప గాలిని తీయలేవు. ఈ ఉబ్బరం మొదలయ్యేది పెద్దపేగులో.

అక్కడి బ్యాక్టీరియా అరగని పిండి, పీచు పదార్థాలను పులియబెట్టి వాయువును పుట్టిస్తుంది. మలం రోజుల తరబడి నిలిస్తే ఆ పులియడమూ సాగుతూనే ఉంటుంది. పైగా గట్టిపడిన మలం అడ్డుండటంతో గాలి నెమ్మదిగా జరుగుతుంది. మలాశయం నిండి ఉంటే పైనున్న పేగుల కదలిక కూడా మందగిస్తుంది. కొంచెం తిన్నా కడుపు నిండినట్టుండటానికి ఇదొక కారణం.

ఒక గృహిణిని ఊహించుకోండి. రక్తహీనతకు ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక ఆమెకు మలబద్ధకం వచ్చింది. ఎవరో చెప్పారని ఇసబ్‌గోల్ రెండు పెద్ద చెంచాలు అరగ్లాసు నీళ్లతో తాగింది, రాత్రికి శనగలు తింది. మర్నాటికి పొట్ట మరింత ఉబ్బింది. పీచు మంచిదే కానీ, లోపల మలం పేరుకుని ఉండగా ఒక్కసారిగా ఎక్కువ వేస్తే భారమే పెరుగుతుంది.

ఆమె ముందుగా పేగును ఖాళీ చేసుకోవాలి. డాక్టర్ సలహాతో పాలిథిలీన్ గ్లైకాల్ పొడిని నీళ్లలో కలిపి కొన్ని రోజులు తాగితే మలం మెత్తబడుతుంది. లాక్టులోజ్ సిరప్ కూడా పనిచేస్తుంది కానీ, అది పేగులో పులుస్తుంది కాబట్టి కొందరికి గ్యాస్ పెరుగుతుంది. విరేచనం సాఫీ అయ్యాక ఇసబ్‌గోల్‌ను ఒక చిన్న చెంచాతో, నిండు గ్లాసు నీళ్లతో మొదలుపెట్టి, వారానికోసారి కొద్దిగా పెంచుకోవాలి. అప్పటిదాకా శనగలు, రాజ్మా తగ్గించాలి. ఐరన్ మాత్రను తనంతట మానేయకుండా, మార్చవచ్చేమో డాక్టర్‌ను అడగాలి.

టిఫిన్ తిన్నాక పెద్దపేగులో సహజంగానే కదలిక పెరుగుతుంది. ఆ అరగంటలో దొడ్డికి వెళ్లడం అలవాటు చేసుకోవాలి. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు పైకి లేచి మలమార్గం తిన్ననవుతుంది. ఊపిరి బిగబట్టి ముక్కకూడదు. కొందరు ముక్కేటప్పుడు తెలియకుండానే మలద్వారాన్ని బిగిస్తారు. వారికి మందులకన్నా బయోఫీడ్‌బ్యాక్ శిక్షణే మేలు చేస్తుంది. అప్పటికప్పుడు గాలి కదలాలంటే భోజనం తర్వాత పది నిమిషాలు నడవాలి. లేదా వెల్లకిలా పడుకుని మోకాళ్లను పొట్టకు హత్తుకోవాలి.

పొట్ట ఉబ్బి తీవ్రమైన నొప్పి, వాంతులు ఉండి, గాలి కూడా పోకపోతే పేగుకు అడ్డు పడి ఉండవచ్చు. అప్పుడు విరేచనాల మందు వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మలంలో రక్తం, బరువు తగ్గడం ఉన్నా, యాభై దాటిన స్త్రీకి కొత్తగా వచ్చిన ఉబ్బరం వారాల తరబడి తగ్గకపోయినా పరీక్ష చేయించండి. అండాశయ క్యాన్సర్ కూడా ఇలాగే మొదలుకావచ్చు.