డమ్మీతో రిగ్రెషన్, టీ పరీక్ష: లెక్క ఒక్కటే

రెండు జట్ల సగటులు పోల్చడానికి టీ పరీక్ష ఒకటే దారి అని బి.కాం. పిల్లలు అనుకోవడం చూస్తుంటాను. ట్యూషన్‌కు వెళ్లని ముగ్గురి మార్కులు 45, 51, 54. వెళ్లిన ముగ్గురివి 54, 63, 63 అనుకుందాం. వెళ్లనివారికి 0, వెళ్లినవారికి 1 అని డమ్మీ వేసి రిగ్రెషన్ చేయండి. స్థిరాంకం 50 వస్తుంది. అది మొదటి జట్టు సగటు. గుణకం 10, అది సగటుల తేడా.

ఎవరి సగటు నుంచి వారి విచలనాల వర్గాలు కూడితే 42+54=96. ఆరుగురిలో రెండు సగటులు పోగా మిగిలేది 4 కనుక విస్తృతి 96/4=24. గుణకపు ప్రామాణిక దోషం √(24×(1/3+1/3))=4, టీ 10/4=2.5. పూల్డ్ టీ పరీక్ష చేసినా అక్షరాలా ఇదే. పట్టికలో 5 శాతం హద్దు 2.776, పది మార్కుల తేడా ఉన్నా ముగ్గురేసి మనుషులతో ఏమీ తేల్చలేం.

కంప్యూటర్‌లో రెండు జవాబులూ కలవకపోతే, టీ పరీక్షలో సమాన విస్తృతి అనే ఎంపిక పెట్టారో లేదో చూడండి.