రాని బాకీ, రాదేమోననే బాకీ

అరువు మీద సరుకు అమ్మిన వ్యాపారి ఆ అమ్మకాన్ని అదే రోజు ఆదాయంగా రాసుకుంటాడు. డబ్బు తర్వాతెప్పుడో వస్తుంది, లేదా రాదు. ఇక రాదని తేలిపోయిన బాకీని వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాలు ‘రాని బాకీ’ అంటాయి. వస్తుందో రాదో తెలియనిది ‘సంశయాత్మక బాకీ’. మొదటిది జరిగిపోయిన నష్టం, రెండోది జరగవచ్చనే అంచనా. ఖాతాల పుస్తకం రెండింటినీ నష్టంగానే చూస్తుంది. ఆదాయపు పన్ను చట్టం మాత్రం సాధారణ వ్యాపారికి మొదటిదాన్నే ఖర్చుగా ఒప్పుకుంటుంది. చాలామంది లెక్కలు తప్పేది ఈ తేడా దగ్గరే.

ఊళ్లో ఎరువులు, పురుగుమందులు అమ్మే ఒక దుకాణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. రైతులు సీజన్‌లో అరువుకు తీసుకెళ్లి, పంట అమ్ముకున్నాక కడతారు. 2024 మార్చి 31 నాటికి ఆ దుకాణానికి రావలసిన బాకీలు రూ.10,00,000. వీటిలో రూ.60,000 బాకీ ఉన్న ఒక చిల్లర వర్తకుడు దుకాణం మూసేసి ఊరు విడిచి వెళ్లాడు. ఈ మొత్తాన్ని కొట్టివేయాలంటే రాని బాకీల ఖాతాను డెబిట్ చేసి, ఆ వర్తకుడి ఖాతాను క్రెడిట్ చేయాలి. దాంతో పుస్తకంలో అతని బాకీ సున్నా అవుతుంది. అతను చట్టప్రకారం బాకీ ఉన్నట్టే. కొట్టివేత పుస్తకంలో జరిగే పనే కానీ, వసూలు హక్కును వదులుకోవడం కాదు.

మిగిలిన రూ.9,40,000లో ఎవరు ఎగవేస్తారో ఎవరికీ తెలియదు. కానీ ఏటా కొంత పోతుందని దుకాణదారుకు అనుభవం చెబుతుంది. అది 5 శాతం అనుకుంటే రూ.47,000. ఈ మొత్తానికి లాభనష్టాల ఖాతాను డెబిట్ చేసి, సంశయాత్మక బాకీల ఏర్పాటు ఖాతాను క్రెడిట్ చేస్తారు. ఈసారి ఏ రైతు ఖాతాకూ చేయి తగలదు. ఆస్తి అప్పుల పట్టీలో రూ.9,40,000 నుంచి రూ.47,000 తీసివేసి రూ.8,93,000 చూపుతారు. రాబోయే నష్టాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలనే మితవాద సంప్రదాయం ఇందుకు ఒక కారణం. ఈ ఏడాది అమ్మకాల వల్ల వచ్చే నష్టాన్ని ఈ ఏడాది ఆదాయం మీదే వేయడం న్యాయమన్నది మరొకటి.

బాకీల నష్టాలు తీయకముందు దుకాణం లాభం రూ.6,00,000 అనుకుందాం. రూ.60,000, రూ.47,000 తీసివేస్తే పుస్తకంలో లాభం రూ.4,93,000. పన్ను లెక్కలో మాత్రం ఏర్పాటు మొత్తాన్ని తిరిగి కలపాలి. పన్ను పడే లాభం రూ.5,40,000.

రెండో ఏడాదిలో తికమక ఎక్కువ. 2024–25లో మరో రూ.30,000 కొట్టివేశారు. ఏడాది చివరికి మిగిలిన బాకీలు రూ.8,00,000, వాటి మీద 5 శాతం ఏర్పాటు రూ.40,000. పాత ఏర్పాటు రూ.47,000 చేతిలో ఉంది కాబట్టి లాభనష్టాల ఖాతాకు పడే భారం రూ.30,000, రూ.40,000 కలిపి, అందులోంచి రూ.47,000 తీసివేయగా రూ.23,000 మాత్రమే. ఇక్కడ రూ.23,000నే పన్ను మినహాయింపుగా చూపితే దుకాణదారు తనకు రావలసిన దానికంటే తక్కువ అడిగినట్టు. నిజంగా కొట్టివేసింది రూ.30,000, మినహాయింపు కూడా అంతే. సరిచూసుకోవడానికి తేలిక దారి ఒకటుంది. పుస్తకపు లాభానికి కొత్త ఏర్పాటును కలిపి, పాత ఏర్పాటును తీసివేస్తే పన్ను లాభం రావాలి. నష్టాలకు ముందు లాభం రూ.7,00,000 అయితే పుస్తకపు లాభం రూ.6,77,000. దానికి 40,000 కలిపి 47,000 తీస్తే రూ.6,70,000. ఏడు లక్షల నుంచి కొట్టివేసిన ముప్పై వేలు తీసినా వచ్చేది అదే.

1961 ఆదాయపు పన్ను చట్టంలో ఈ మినహాయింపు 36వ సెక్షన్‌లో ఉంది. 1989కి ముందు బాకీ నిజంగానే రానిదైపోయిందని వ్యాపారి రుజువు చేయాల్సి వచ్చేది. ఏ సంవత్సరంలో రానిదైంది అన్న దాని మీద ఏళ్ల తరబడి వివాదాలు నడిచేవి. 1989 ఏప్రిల్ 1 నుంచి ఆ మాటలు మార్చి, ఖాతాల్లో కొట్టివేస్తే చాలన్నారు. అయినా రుజువు అడగడం ఆగలేదు. చివరికి 2010లో టీఆర్‌ఎఫ్ లిమిటెడ్ కేసులో సుప్రీం కోర్టు, బాకీ రాదని నిరూపించనక్కర్లేదని, కొట్టివేత ఉంటే చాలని తేల్చింది. 2016 మే 30న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా ఇదే మాట చెబుతూ 12వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. వ్యాపారులకు ఇది నిజమైన ఊరట.

కొట్టివేత అంటే ఏమిటన్నది మరో ప్రశ్న. ఏర్పాటు అందులోకి రాదని చట్టమే వివరణ ఇచ్చింది. 2010లోనే విజయా బ్యాంకు కేసులో సుప్రీం కోర్టు, లాభనష్టాల ఖాతాలో డెబిట్ వేయడంతోపాటు ఆస్తుల వైపు ఆ మేరకు బాకీల మొత్తాన్ని తగ్గించి చూపితే అది కొట్టివేతేనని, ప్రతి ఖాతాదారు ఖాతాను విడిగా మూసివేయనక్కర్లేదని చెప్పింది. ఇది చదివి శాతం లెక్కన వేసే ఏర్పాటుకూ మినహాయింపు దొరుకుతుందని ధీమా పడడం ప్రమాదం. ఏ బాకీ పోయిందో చెప్పలేనప్పుడు కొట్టివేసిన బాకీ ఏదన్న ప్రశ్నకు జవాబు ఉండదు. బాకీదారు పేరు, మొత్తం, కొట్టివేసిన తేదీ విడిగా రాసి పెట్టుకున్న చిన్న జాబితా ఇక్కడ చాలా పనికొస్తుంది.

కొట్టివేత ఒక్కటే చాలదు. ఆ మొత్తం అదే ఏడాదో అంతకుముందో ఆదాయంగా లెక్కకు వచ్చి ఉండాలి, లేదా బ్యాంకింగ్, వడ్డీ వ్యాపారంలో భాగంగా ఇచ్చిన అప్పు అయి ఉండాలి. ఎరువుల దుకాణదారు బంధువుకు చేబదులు ఇచ్చి పోగొట్టుకుంటే అది ఈ మినహాయింపు కిందకు రాదు, ఎందుకంటే అది ఎప్పుడూ అతని ఆదాయం కాలేదు. నగదు పద్ధతిలో లెక్కలు రాసేవారికీ అంతే. 44ఏడీ సెక్షన్ కింద టర్నోవర్‌లో ఇంత శాతం అని అంచనా లాభం చూపే చిన్న వ్యాపారులు రాని బాకీలను విడిగా తీసివేయలేరు, ఖర్చులన్నీ ఆ శాతంలోనే పోయినట్టు చట్టం భావిస్తుంది. వ్యాపారం చేతులు మారితే, పాత యజమాని లెక్కల్లో ఆదాయంగా పన్ను పడిన బాకీని కొత్త యజమాని కొట్టివేసి మినహాయింపు పొందవచ్చని 1985లోనే సుప్రీం కోర్టు టి.వీరభద్రరావు, కె.కోటేశ్వరరావు అండ్ కంపెనీ కేసులో చెప్పింది.

ఏర్పాటుకే మినహాయింపు దొరికేది ప్రధానంగా బ్యాంకులకు, అదీ పరిమితుల్లోనే. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినా మూలసూత్రం ఇదే.

కొట్టివేసిన బాకీ ఎప్పుడైనా తిరిగి రావచ్చు. ఊరు వదిలిన వర్తకుడు మూడో ఏడాది రూ.25,000 పంపితే, ఆ మొత్తాన్ని అతని ఖాతాకు క్రెడిట్ చేయడం తరచూ జరిగే పొరపాటు. అతని ఖాతా ఎప్పుడో సున్నా అయింది కాబట్టి, ఇప్పుడు దుకాణమే అతనికి బాకీ ఉన్నట్టు కనిపిస్తుంది. నగదును డెబిట్ చేసి, వసూలైన రాని బాకీల ఖాతాను క్రెడిట్ చేయాలి. పూర్తి రూ.60,000కు మినహాయింపు తీసుకున్నందున ఈ రూ.25,000 మొత్తం 41వ సెక్షన్ ప్రకారం వచ్చిన ఏడాది ఆదాయమవుతుంది. బాకీలో రూ.40,000 మాత్రమే కొట్టివేసి, చివరికి రూ.25,000 వచ్చి ఉంటే, కొట్టివేయకుండా ఉంచిన రూ.20,000 పోగా మిగిలిన రూ.5,000 మీదే పన్ను. రూ.12,000 మాత్రమే వచ్చి వసూలు అక్కడితో ముగిసిపోతే, తగ్గిన రూ.8,000ను ఆ ఏడాది అదనపు మినహాయింపుగా తీసుకోవచ్చు.