ఖాతా మూసినా వచ్చే బిల్లు

క్లౌడ్ సర్వీసులు చాలావరకు కరెంటు మీటరు పద్ధతిలో నడుస్తాయి: ముందు వాడకం, తర్వాత బిల్లు. అందుకే జూన్ 12న ప్లాన్ రద్దు చేసిన వాళ్ళకి జూలై మొదట్లో ఇన్‌వాయిస్ వస్తే అందులో తప్పేమీ లేదు. అది ఆ 12 రోజుల లెక్క. చూడాల్సింది ఆ లెక్క ఎలా వేశారన్నదే.

ఊహించిన ఉదాహరణ ఒకటి చూద్దాం. ఒక ఏపీఐ ప్లాన్‌కు నెలకు కనీసం 10,000 రూపాయలు కట్టాలి. అందులో లక్ష కాల్స్ వస్తాయి. ఆ కోటా దాటితే ఒక్కో కాల్‌కు 15 పైసలు. రద్దు చేసేనాటికి 1,20,000 కాల్స్ వాడేశారు. దాటిన 20,000 కాల్స్‌కు 3,000, కనీస మొత్తం 10,000, కలిపి 13,000. దానిమీద 18 శాతం జీఎస్‌టీ 2,340. చివరికి కట్టాల్సింది 15,340 రూపాయలు.

సగం నెలైనా వాడలేదు కదా, పూర్తి 10,000 ఎందుకని అడగాలనిపిస్తుంది. కానీ రోజుల లెక్కన తగ్గించమని అడిగే ముందు ఒప్పందం చదవాలి. 12 రోజులకు రుసుము 4,000కి తగ్గి, కోటా కూడా 40,000 కాల్స్‌కు తగ్గిపోయిందనుకోండి. అప్పుడు 80,000 కాల్స్ కోటా దాటినట్టే. వాటికి 12,000, పైన 4,000, జీఎస్‌టీ కాకముందే 16,000. తగ్గింపు అడిగి ఇంకా ఎక్కువ కట్టాల్సి వస్తుంది! రుసుము తగ్గినా కోటా పూర్తిగా ఉంటుందా అన్న ఒక్క మాట ముందే రాయించుకోవడం మంచిది.

అన్నిటికన్నా బరువైనది ఏడాదికో మూడేళ్ళకో ఇచ్చిన హామీ. అమెజాన్ ఏడబ్ల్యూఎస్‌లో సేవింగ్స్ ప్లాన్ అంటే గంటకు ఇంత వాడతామని మాట ఇచ్చి తక్కువ రేటు పొందడం. సర్వర్లన్నీ ఆపేసినా, ఖాతానే మూసేసినా, ఆ గడువు తీరేదాకా బిల్లు వస్తూనే ఉంటుంది. ముందుగా ఏమీ కట్టకుండా గంటకు 0.10 డాలర్ల హామీ ఇచ్చి, ఇంకా 150 రోజులు మిగిలి ఉంటే, పన్ను కాకుండా 360 డాలర్లు కట్టాలి. వార్షిక కనీసం ఉన్న ఏపీఐ ఒప్పందాల్లో ఇదే మొత్తం ‘లోటు’ పేరుతో ఒకేసారి చివరి ఇన్‌వాయిస్‌లో పడవచ్చు. ఆ వరుస కనిపిస్తే, ఇప్పటిదాకా కట్టినదంతా అందులోంచి తీసేశారో లేదో సరిచూడాలి.

సర్వర్ ఆపినంత మాత్రాన దాని డిస్కు అద్దె ఆగదు. డిస్కులు, స్నాప్‌షాట్లు, పబ్లిక్ ఐపీ చిరునామాలు విడిగా తొలగించాలి. వాడకం నివేదికను ఖాతా మూయకముందే దించుకోవాలి, తర్వాత ఆ పేజీ తెరుచుకుంటుందన్న భరోసా ఉండదు. తేదీలు పోల్చేటప్పుడు ఒకటి గమనించాలి: ఏడబ్ల్యూఎస్ బిల్లు యూటీసీ సమయం ప్రకారం నడుస్తుంది, అంటే మన గడియారంలో తెల్లవారుజాము 5:30కి అక్కడ రోజు మారుతుంది. 13వ తేదీ తెల్లవారుజామున మనం పంపిన కాల్స్ 12వ తేదీ కిందే కనిపిస్తాయి.